ఆసుపత్రి కాగితంలో "షుగర్ 10 ఏళ్లు" అని రాస్తే క్లెయిమ్ ఎందుకు ఆగింది

అడిగినది: "మా నాన్నగారు 2024 డిసెంబర్‌లో గుంటూరులో ఒక ప్రైవేట్ ఆసుపత్రిలో హార్ట్ ఎటాక్‌తో పోయారు. 25 లక్షల లైఫ్ పాలసీ 2023 మార్చిలో తీసుకున్నారు. ఆయనకి షుగర్ ఉందని మాకు తెలిసింది 2023 ఆగస్టులో. కానీ ఆసుపత్రి వాళ్లు ఇచ్చిన కాగితంలో షుగర్ 10 ఏళ్ల నుంచి అని ఉంది. కంపెనీ వాళ్లు పాలసీ తీసుకునేటప్పుడే జబ్బు దాచారని క్లెయిమ్ కొట్టేశారు. మునిసిపాలిటీ ఇచ్చిన డెత్ సర్టిఫికెట్‌లో అసలు కారణమే లేదు కదా, మరి వీళ్లకి ఇది ఎలా తెలిసింది? ఇప్పుడు దాన్ని మార్పించుకోవచ్చా?"

విజయవాడలో, తర్వాత గుంటూరులో ఆసుపత్రి మెడికల్ రికార్డ్స్ సెక్షన్‌లోనే నా ఉద్యోగమంతా గడిచింది. చనిపోయినవాళ్ల కేస్ షీట్లు సర్దడం, మరణ కారణం రాసే ఫారం 4 కార్పొరేషన్‌కి పంపడం, ఆ తర్వాత నెలకో రెండు నెలలకో ఇన్సూరెన్స్ ఇన్వెస్టిగేటర్ వచ్చి కూర్చుంటే ఆయనకి ఫైల్ తీసివ్వడం, ఇవన్నీ చేశాను. అందుకే మీరు చెప్పింది చదవగానే ఎక్కడ ఏం జరిగి ఉంటుందో చాలావరకు అర్థమైంది.

ముందు రెండు కాగితాలని విడదీసి చూడండి. కార్పొరేషన్ ఇచ్చే డెత్ సర్టిఫికెట్ వేరు, ఆసుపత్రి డాక్టర్ సంతకం పెట్టే మరణ కారణ ధ్రువపత్రం వేరు. మొదటిదాంట్లో కారణం ఉండదు, ఉండకూడదు కూడా. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం 17వ సెక్షన్ ప్రకారం రిజిస్టర్‌లో నుంచి ఎవరికి నకలు ఇచ్చినా చావుకి కారణం అందులో బయటపెట్టకూడదు. రెండోదాన్ని ఫారం 4 అంటారు. ఇంట్లో పోయినవాళ్లకి చూసిన డాక్టర్ ఇచ్చేది ఫారం 4ఏ. ఇది ఆసుపత్రి నుంచి నేరుగా రిజిస్ట్రార్‌కి వెళ్తుంది. 2023లో ఆ చట్టాన్ని సవరించి అదే ఏడాది అక్టోబర్ 1 నుంచి అమల్లోకి తెచ్చారు. అప్పటినుంచి ప్రభుత్వ ఆసుపత్రైనా ప్రైవేట్ అయినా ఈ పత్రాన్ని ఉచితంగా ఇవ్వాలి, ఒక కాపీ దగ్గరి బంధువుకీ ఇవ్వాలి. మీ చేతికి వచ్చింది ఆ కాపీయే. అదే సవరణలో ఇంకో మాట కూడా చేరింది: మరణ కారణంతో పాటు జబ్బు చరిత్ర ఉంటే అదీ ఇవ్వాలని. మీ సమస్య అంతా ఆ చరిత్ర దగ్గరే ఉంది.

మరి కంపెనీకి ఎలా తెలిసిందంటే, చాలాసార్లు మనమే ఇస్తాం. క్లెయిమ్ కాగితాలతో పాటు ఫారం 4 జిరాక్స్ పెట్టమంటారు, పెడతాం. పాలసీ మొదలై మూడేళ్లు దాటకుండా మనిషి పోతే దాన్ని ఎర్లీ క్లెయిమ్ కింద చూస్తారు, ఇంకో రెండు కాగితాలు అదనంగా అడుగుతారు. ఎల్‌ఐసీ అయితే ఫారం బి, బి1 అంటారు. మొదటిది చివరిగా చూసిన డాక్టర్ నింపేది, రెండోది ఆసుపత్రి నింపేది. ప్రైవేట్ కంపెనీల్లో పేర్లు వేరు, ప్రశ్నలు అవే. వాటిలో "ఈ జబ్బు ఎప్పటినుంచి ఉంది, ఆ విషయం మీకు ఎవరు చెప్పారు" అని సూటిగా ఒక ప్రశ్న ఉంటుంది. దానికి జవాబు రాసేది కూడా కేస్ షీట్ చూసే. ఇవి చాలవన్నట్టు ఇన్వెస్టిగేటర్ స్వయంగా వస్తాడు. అంటే మీకు మూడు నాలుగు కాగితాల్లో "10 ఏళ్లు" కనిపించినా అవి మూడు నాలుగు సాక్ష్యాలు కావు. ఒకచోట రాసిందే మిగతాచోట్ల దిగింది. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇప్పుడు ఆ ఫారం 4 తీసి ముందు పెట్టుకోండి. పైన పేరు, వయసు, చనిపోయిన తేదీ, టైము. దాని కింద మొదటి భాగంలో ఎ, బి, సి అని మూడు వరసలు. వాటి పక్కన కుడివైపు ఒక సన్నటి గడి ఉంటుంది, అది జబ్బు మొదలైన దగ్గర్నుంచి చావు దాకా ఎంత కాలం అన్నది రాసే గడి. కింద రెండో భాగం. ఆ తర్వాత మరణం ఏ రకం అని: సహజం, ప్రమాదం, ఆత్మహత్య, హత్య, విచారణలో ఉంది. ఆడవాళ్లయితే గర్భం గురించి ఒక ప్రశ్న.

ఆ మూడు వరసల్నీ పై నుంచి కిందకి "ఎందువల్ల" అని అడుగుతూ చదవాలి. ఎ అంటే మనిషిని చివరికి తీసుకెళ్లిన జబ్బు లేదా కాంప్లికేషన్. అది దేనివల్ల వచ్చింది, బి. ఆ బి దేనివల్ల, సి. అన్నిటికన్నా కింద నింపిన వరసలో ఉన్నదాన్నే అసలు కారణంగా తీసుకుంటారు, అంటే మొత్తం వరసని మొదలుపెట్టిన జబ్బు. రెండో భాగం దీనికి భిన్నం. ఈ వరసలో లేకపోయినా మనిషిని బలహీనపరిచిన మిగతా జబ్బులు అక్కడ రాస్తారు.

ఎ వరస దగ్గర ఫారంలోనే అచ్చులో ఒక హెచ్చరిక ఉంటుంది, హార్ట్ ఫెయిల్యూర్ లాంటి చనిపోయే తీరు రాయొద్దు, జబ్బు పేరు రాయండి అని. అయినా మన దగ్గర వచ్చే ఫారాల్లో ఎ వరసలో "కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్" అనే మాట ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. గుండె, ఊపిరి ఆగిపోయాయి అని దాని అర్థం, చనిపోయిన ప్రతి మనిషికీ అది జరిగేదే. ఆ మాట రాయడం వల్ల ఒక వరస వృథా అవుతుంది, అసలు జబ్బులు ఒక్కో మెట్టు కిందకి జరుగుతాయి. మీ కాగితంలో జరిగింది కూడా ఇదే అనుకుంటున్నా. ఎ లో కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్, బి లో అక్యూట్ మయోకార్డియల్ ఇన్‌ఫార్క్షన్, అంటే హార్ట్ ఎటాక్, సి లో టైప్ 2 డయాబెటిస్, దాని పక్కన గడిలో 10 ఏళ్లు. ఇలాగే ఉందా చూసుకోండి. ఉంటే కంపెనీ వాళ్లు దాన్ని ఎలా చదువుతారంటే, పదేళ్లుగా ఉన్న షుగరే ఈ చావుకి మూలం, ఆ షుగర్ పాలసీ కన్నా ఎనిమిదేళ్ల ముందే ఉంది, పాలసీకి దరఖాస్తుగా నింపిన ప్రపోజల్ ఫారంలో షుగర్ లేదు అని రాశారు, ఇక చెప్పేదేముంది అంటారు. అక్కడితో వాళ్ల కేసు తయారైపోతుంది.

మీరు చెప్పినట్టే జరిగి ఉంటే ఆ పత్రం ఇంకోలా ఉండొచ్చు. ఎ లో హార్ట్ ఎటాక్, పక్కన కొన్ని గంటలు. బి లో గుండె రక్తనాళాల జబ్బు, కాలం తెలియకపోతే తెలియదు అని. రెండో భాగంలో డయాబెటిస్, పక్కన 16 నెలలు. అదే మనిషి, అదే చావు, కానీ చదివినప్పుడు వచ్చే అర్థం వేరు.

ఇక్కడ ఒక తేడా గమనించండి. షుగర్‌ని సి లో పెట్టాలా రెండో భాగంలో పెట్టాలా అన్నది డాక్టర్ అభిప్రాయం. షుగర్ వల్ల గుండె రక్తనాళాలు పాడవుతాయి కాబట్టి సి లో పెట్టిన డాక్టర్‌ని మీరు తప్పు పట్టలేరు, ఆయన కూడా ఒప్పుకోడు, అనవసరంగా గొడవ అవుతుంది. "10 ఏళ్లు" అన్నది మాత్రం అభిప్రాయం కాదు. అది నిజమో కాదో కాగితాలతో తేల్చగలిగేది. మీ పోరాటం ఆ అంకె మీదే పెట్టండి. చాలామంది రెండూ కలిపి, డాక్టర్ మొత్తం తప్పు రాశాడు అని పెద్ద గొంతుతో వెళ్తారు. దాంతో ఆసుపత్రి వాళ్లు లీగల్ టీమ్‌తో మాట్లాడాలి అంటూ తలుపు వేసేస్తారు.

మరి ఆ 10 ఎక్కడి నుంచి వచ్చింది? ఫారం 4 మీద సంతకం పెట్టిన డాక్టర్‌కి మీ నాన్నగారు అంతకుముందు తెలిసి ఉండకపోవచ్చు. రాత్రి పూట క్యాజువాలిటీకి తీసుకొస్తారు, మనిషి మాట్లాడే స్థితిలో ఉండడు, పక్కన వచ్చిన బావమరిదో ఎదురింటాయనో ఉంటాడు. డ్యూటీ డాక్టర్ "షుగర్, బీపీ ఏమైనా ఉన్నాయా, ఎన్నాళ్ల నుంచి" అని అడుగుతాడు. "ఆ, ఉంది సార్, చాలా ఏళ్ల నుంచి" అంటాడు ఆయన. ఆయన మనసులో వాళ్లమ్మగారి షుగర్ ఉందో, ఈయనదే అనుకున్నాడో మనకి తెలీదు. కేస్ షీట్‌లో కేసీఓ డీఎం అని రాసి పక్కన ఒక అంకె వేస్తారు. కేసీఓ అంటే ఫలానా జబ్బు ఉన్నట్టు ముందే తెలిసిన మనిషి అని, డీఎం అంటే డయాబెటిస్. ఆ అంకే ఐసీయూ నోట్స్‌లోకి, అక్కడి నుంచి డెత్ సమ్మరీలోకి, అక్కడి నుంచి ఫారం 4 లోకి పోతుంది. మధ్యలో ఎవరూ మళ్లీ అడగరు. చేతిరాత వల్ల జరిగేవి కూడా ఉంటాయి. ఒక కేసులో క్యాజువాలిటీ డాక్టర్ ఒకటిన్నర ఏడాది అని 1 పక్కన అర గుర్తు వేసి రాస్తే, డెత్ సమ్మరీ టైప్ చేసినప్పుడు అది 11 ఏళ్లు అయి కూర్చుంది. కేస్ షీట్ మొదటి పేజీ తీసి చూసేదాకా ఎవరికీ తట్టలేదు.

అందుకని మొదటి పని, పూర్తి కేస్ షీట్ కాపీ తెచ్చుకోవడం. డిశ్చార్జ్ సమ్మరీ, డెత్ సమ్మరీ ఇచ్చి చాలు అంటారు, చాలదు. క్యాజువాలిటీ నోట్, అడ్మిషన్ రోజు హిస్టరీ రాసిన పేజీ, నర్సుల షీట్లు, ల్యాబ్ రిపోర్టులు, ఫారం 4 ఆఫీస్ కాపీ అన్నీ కావాలని రాసివ్వండి. వైద్యుల ప్రవర్తనా నియమావళి, 2002లో మెడికల్ కౌన్సిల్ తెచ్చింది, దాని ప్రకారం రోగి గానీ అతని తరఫువాళ్లు గానీ రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. ఇన్‌పేషెంట్ రికార్డులు మూడేళ్లు దాచాలి అని కూడా అందులోనే ఉంది. ఆ మూడేళ్లు మీకు ఇంకా దాటలేదంటే నిదానంగా చేద్దాంలే అనుకోవద్దు, కొన్నిచోట్ల గడువు కాగానే పాత ఫైళ్లు తీసేస్తారు. దరఖాస్తు రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద ఇన్‌వార్డ్ స్టాంపు వేయించుకోండి. నోటిమాటగా అడిగితే రికార్డ్స్ సెక్షన్ వాళ్లు రేపు రండి అంటూనే ఉంటారు, నేనూ ఆ సీట్లో కూర్చున్నవాణ్ణే కాబట్టి చెప్తున్నా, స్టాంపు పడిన కాగితానికి ఉన్న కదలిక వేరు.

షీట్ చేతికొచ్చాక హిస్టరీ పేజీలో రెండు చూడండి. ఒకటి, హిస్టరీ ఎవరు చెప్పారు. మంచి ఆసుపత్రుల్లో ఇన్‌ఫార్మెంట్ అని ఒక గీత ఉంటుంది, అక్కడ కొడుకు, భార్య, బంధువు అని రాస్తారు. ఖాళీగా ఉందా, లేక మీకు తెలియని పేరు ఉందా? రెండు, వాడుతున్న మందుల వివరాలు ఉన్నాయా. పదేళ్ల షుగర్ ఉన్న మనిషి అయితే ఏ మాత్ర, ఎంత డోసు, ఇన్సులిన్ ఉందా, ఎవరి దగ్గర చూపించుకుంటున్నాడు అన్నవి ఏదో ఒకటి రాసి ఉండాలి. ఒట్టి "10 ఏళ్లు" తప్ప ఇంకేమీ లేకపోతే అది ఎవరో అన్న మాటే అని చెప్పడానికి మీకు వీలుంటుంది.

రెండో పని, ఆ అంకెని పడగొట్టే కాగితాలు సేకరించడం. ఇక్కడ బలమైనవి, బలహీనమైనవి ఉన్నాయి. అన్నిటికన్నా బలమైనది కంపెనీ దగ్గరే ఉండొచ్చు. పాలసీ ఇచ్చేముందు మెడికల్ టెస్టులు చేయించారా? చేయిస్తే రక్తంలో షుగర్ కచ్చితంగా చూసి ఉంటారు. పరగడుపున షుగర్ 126 మిల్లీగ్రాములు గానీ ఆపైన గానీ ఉంటే, లేదా గత మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.5 శాతం గానీ ఆపైన గానీ ఉంటే డయాబెటిస్ అంటారు. 2023 మార్చిలో వాళ్లు పంపిన ల్యాబ్‌లోనే పరగడుపు 94, హెచ్‌బీఏ1సీ 5.6 లాంటి అంకెలు ఉన్నాయనుకోండి, అప్పటికే ఎనిమిదేళ్ల షుగర్ రోగి అన్న మాట నిలబడటం చాలా కష్టం. వాళ్లు ఒకటే అనగలరు, మందులు వాడుతూ అదుపులో పెట్టుకుని టెస్టుకి వచ్చాడు అని. అలా అంటే ఆ మందుల చీటీ చూపించాల్సింది వాళ్లే. ప్రపోజల్ ఫారం కాపీ, మెడికల్ రిపోర్టు కాపీ పాలసీ బాండ్‌తో పాటే వస్తాయి చాలాసార్లు, వెనక పేజీల్లో చూడండి. లేకపోతే కంపెనీని రాతపూర్వకంగా అడగండి.

తర్వాతి బలమైనది 2023 ఆగస్టు నాటి మొదటి రిపోర్టు, ఆ రోజు డాక్టర్ రాసిన చీటీ. కొత్తగా బయటపడిన షుగర్‌కి డాక్టర్లు చీటీ మీద న్యూలీ డిటెక్టెడ్ అనో డీ నోవో అనో రాస్తారు. ఆ మాట ఉన్న చీటీ దొరికితే దాన్ని లామినేషన్ చేయించకండి గానీ భద్రంగా పెట్టుకోండి. చీటీ పోయినా ఆ క్లినిక్‌లో ఓపీ రిజిస్టర్ ఉంటుంది, ల్యాబ్ వాళ్ల కంప్యూటర్లో ఫోన్ నంబర్ కొడితే పాత రిపోర్టు వస్తుంది. గుంటూరు కొత్తపేటలో ఉన్న పెద్ద ల్యాబులైతే పాతవి కూడా తీసిస్తాయి. అంతకుముందు ఏదైనా ఆపరేషన్‌కి, కంటి శుక్లానికి, ఆఫీసు హెల్త్ చెకప్‌కి రక్తం ఇచ్చి ఉంటే అందులో షుగర్ నార్మల్ అని ఉండొచ్చు. శుక్లం ఆపరేషన్‌కి ముందు షుగర్ చూస్తారు కాబట్టి ఆ వయసు వాళ్లకి ఇది తరచూ దొరుకుతుంది. మెడికల్ షాప్ బిల్లులు కూడా పనికొస్తాయి గానీ వాటి బలం తక్కువ. ఇరుగుపొరుగు వాళ్ల అఫిడవిట్లు ఇంకా తక్కువ, వాటి మీద డబ్బు తగలేయకండి.

మూడో పని ఆసుపత్రి సూపరింటెండెంట్‌కి లేఖ. అడగాల్సింది ఒక్కటే: "హిస్టరీలో 10 ఏళ్లు అని రాసింది ఫలానా పేజీలో ఉంది, దానికి ఆధారమైన పాత రికార్డు ఏదీ ఫైల్‌లో లేదు, మా దగ్గర ఉన్న రిపోర్టుల ప్రకారం షుగర్ మొదట బయటపడింది 2023 ఆగస్టులో, వీటిని పరిశీలించి వివరణ ఇవ్వండి." రిపోర్టుల కాపీలు జతచేయండి. ఫారం మార్చి కొత్తది ఇవ్వమని, పాత తేదీ వేసి ఇవ్వమని మాత్రం అడగొద్దు. అలా ఇస్తే అది దొంగ సర్టిఫికెట్ అవుతుంది, డాక్టర్ రిజిస్ట్రేషన్‌కే ముప్పు. పైగా ఇన్వెస్టిగేటర్ దగ్గర పాత జిరాక్స్ ఎలాగూ ఉంటుంది, రెండూ పక్కపక్కన పెడితే మీ నిజం కూడా అబద్ధంలా కనిపిస్తుంది. సరైన పద్ధతి ఏమిటంటే ఇవాళ్టి తేదీతో, డాక్టర్ సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు, ఆసుపత్రి స్టాంపుతో ఒక వివరణ లేఖ. అందులో "అడ్మిషన్ సమయంలో వెంట వచ్చినవారు చెప్పిన ప్రకారం 10 ఏళ్లు అని నమోదు చేశాము, దీన్ని మేము స్వయంగా నిర్ధారించలేదు, ఇప్పుడు చూపిన రిపోర్టుల ప్రకారం మొదట గుర్తించినది 2023 ఆగస్టు" అని ఉంటే చాలు. చాలామంది డాక్టర్లు ఇంతవరకు రాయడానికి వెనకాడరు, ఎందుకంటే ఇందులో వాళ్లు తప్పు చేశామని ఒప్పుకోవడం లేదు, జరిగింది చెప్తున్నారు అంతే. బి, బి1 లాంటి ఫారాలు నింపింది కూడా ఆ ఆసుపత్రే అయితే వాటి ప్రస్తావన కూడా ఆ లేఖలోనే చేర్చమనండి.

రిజిస్ట్రార్ దగ్గర ఉన్న ఎంట్రీ సంగతి. చట్టంలో 15వ సెక్షన్ కింద తప్పుగా పడిన ఎంట్రీని రిజిస్ట్రార్ సరిచేయొచ్చు, కానీ పాతది కొట్టేయకుండా మార్జిన్‌లో రాసి సంతకం, తేదీ వేస్తారు. విషయంలోనే తప్పు ఉంటే సంగతి తెలిసిన ఇద్దరు నమ్మకమైన మనుషుల డిక్లరేషన్ అడుగుతారు. జబ్బుకి సంబంధించిన మాట కాబట్టి డాక్టర్ లేఖ లేకుండా కార్పొరేషన్ హెల్త్ సెక్షన్‌లో ఎవరూ ముట్టుకోరు, కనుక ముందు ఆ లేఖ, తర్వాత ఇది. నిజం చెప్పాలంటే మీ క్లెయిమ్‌కి ఈ సవరణ తప్పనిసరి కాదు. డెత్ సర్టిఫికెట్‌లో కారణమే ఉండదు కాబట్టి అక్కడ మారేదేమీ లేదు. ఆసుపత్రి లేఖ వచ్చాక దాని కాపీ రిజిస్ట్రార్‌కి కూడా ఇచ్చి రసీదు తీసుకోండి, దానికోసం క్లెయిమ్ పని ఆపుకోవద్దు.

ఇక కంపెనీ. మీకు వచ్చిన తిరస్కరణ లేఖ మళ్లీ చదవండి, అందులో ఒక మాట కోసం వెతకాలి: ఫ్రాడ్ అన్నారా, లేక తప్పుడు సమాచారం లేదా దాచిపెట్టడం అన్నారా. 1938 నాటి బీమా చట్టం 45వ సెక్షన్, 2015లో మార్చినది, పాలసీ మొదలైన మూడేళ్ల తర్వాత ఏ కారణంతోనూ పాలసీని ప్రశ్నించడానికి వీల్లేదు అంటుంది. మధ్యలో ప్రీమియం కట్టక పాలసీ లాప్స్ అయి, మళ్లీ రివైవ్ చేసి ఉంటే ఆ తేదీ నుంచి లెక్క. మీది ఇరవై ఒక్క నెలలే కాబట్టి ఆ రక్షణ మీకు రాదు, అందుకే ఇంత దూరం వచ్చింది. మూడేళ్ల లోపు అయితే ఈ రెండు మాటల మధ్య తేడా చాలా పెద్దది. ఫ్రాడ్ అని ఆరోపిస్తే, పాలసీదారు బతికిలేనప్పుడు అది మోసం కాదని చూపించే భారం నామినీ మీద పడుతుంది. దాచిపెట్టారు అని మాత్రమే అంటే, ఆ సంగతి తెలిసి ఉంటే పాలసీ అసలు ఇచ్చేవాళ్లమే కాదు అని కంపెనీ చూపించాలి. దాచిన విషయానికి ఆ రిస్క్‌తో సూటి సంబంధం ఉండాలి. పైగా ఫ్రాడ్ కాని కేసుల్లో క్లెయిమ్ కొట్టేసినా అప్పటిదాకా కట్టిన ప్రీమియంలు 90 రోజుల్లో వెనక్కివ్వాలి. ఆ డబ్బు మీకు వచ్చిందా? వస్తే వాళ్లు ఫ్రాడ్ అనడం లేదనే దానికి అదో సూచన. ప్రీమియం తీసుకుంటే హక్కు పోతుందని కొందరు ఏజెంట్లు భయపెడతారు, నిరసనతో తీసుకుంటున్నానని ఒక లేఖ పెట్టి తీసుకోండి, ఫుల్ అండ్ ఫైనల్ అని రాసిన వోచర్ మీద మాత్రం సంతకం పెట్టొద్దు.

అదే సెక్షన్‌లో ఇంకోటి ఉంది. ఏ కారణాలతో, ఏ ఆధారాలతో కాదన్నారో కంపెనీ రాతపూర్వకంగా నామినీకి చెప్పాలి. కాబట్టి ఆ ఆధారాల కాపీలు అడగండి. అందులో మీ ఫారం 4, దాని నుంచే నింపిన ఫారాలు తప్ప 2023 మార్చికి ముందు నాటి చీటీ, బిల్లు, అడ్మిషన్ ఏదీ లేకపోతే మీ కేసు బాగుంది. వినియోగదారుల కమిషన్లు చాలా తీర్పుల్లో ఒకే మాట చెప్పాయి, ఆసుపత్రి కాగితంలో రాసిన పాత హిస్టరీ ఒక్కటే చాలదు, ఆ జబ్బుకి ముందు వైద్యం చేయించుకున్న రికార్డు గానీ, ఆ హిస్టరీ రాసిన డాక్టర్ అఫిడవిట్ గానీ ఉండాలని. ప్రతి బెంచీ ఇలాగే అంటుందని కాదు, కానీ వాదన గట్టిదే.

ఇవన్నీ జతచేసి ముందు కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి పంపండి, బీమా కంపెనీల్ని నియంత్రించే ఐఆర్‌డీఏఐ వాళ్ల బీమా భరోసా పోర్టల్‌లో కూడా ఎక్కించండి. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చింది మీకు నచ్చకపోయినా, బీమా ఫిర్యాదులు విని తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు. మన ఆంధ్రప్రదేశ్‌కి ఆఫీసు హైదరాబాద్‌లో. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, 50 లక్షల దాకా చూస్తారు కాబట్టి మీ 25 లక్షలు దాని లోపలే ఉంది. ఆయన అవార్డ్ ఇస్తే కంపెనీ కట్టుబడాల్సిందే, మీకు నచ్చకపోతే మీరు కన్జ్యూమర్ కమిషన్‌కి వెళ్లే దారి మూసుకుపోదు. కానీ ఒకే విషయం మీద కోర్టులోనో కమిషన్‌లోనో కేసు నడుస్తుంటే అంబుడ్స్‌మన్ తీసుకోరు, అందుకే వరస ముఖ్యం. మీ ఫిర్యాదుని కంపెనీ తోసిపుచ్చిన తేదీ నుంచి ఏడాది లోపు అంబుడ్స్‌మన్‌కి వెళ్లాలి. కన్జ్యూమర్ కమిషన్‌కి రెండేళ్లు. ఆసుపత్రి లేఖ కోసం ఎదురుచూస్తూ ఈ తేదీలు దాటనివ్వొద్దు, లేఖ రాకపోయినా ఉన్నవాటితో ఫైల్ చేసి తర్వాత అదనంగా పంపొచ్చు.

ఒకటి సూటిగా అడుగుతున్నా, ఏమనుకోకండి. నాన్నగారికి అంతకుముందు షుగర్ ఉండి, ఇంట్లో చెప్పకుండా ఎక్కడైనా మాత్రలు వాడారా? మన దగ్గర పెద్దాళ్లలో ఇది ఉంది. అమ్మగారిని, రోజూ వెళ్లే మెడికల్ షాప్ అబ్బాయిని నెమ్మదిగా అడగండి. ఒకవేళ నిజంగానే ఉంటే పైన చెప్పిన దారి మీకు పనికిరాదు, డాక్టర్ మీద ఒత్తిడి తెచ్చి అంకె మార్పించాలని చూస్తే ఉన్న కాస్త అవకాశం కూడా పోయి ఫ్రాడ్ అన్న మాట మీ నెత్తిన పడుతుంది. అప్పుడు మిగిలేది, ఆ జబ్బు పాలసీ నిర్ణయానికి అంత ముఖ్యం కాదు అన్న వాదన. 2015లో సుప్రీంకోర్టు ఒక కేసులో నడుం నొప్పి జబ్బు చెప్పలేదని, హార్ట్ ఎటాక్‌తో పోయినవాళ్ల క్లెయిమ్ కొట్టేయడం తప్పంది. అక్కడ ఆ రెండింటికీ సంబంధం లేదు. షుగర్‌కీ గుండెకీ మాత్రం సంబంధం లేదని ఎవరూ ఒప్పుకోరు, కాబట్టి దాని మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు.

ఇది చదివే మిగతావాళ్లకి కూడా ఒక ముక్క. ఆసుపత్రిలో మనిషి పోయిన ఆ రాత్రి కాగితం చదివే స్థితిలో ఎవరూ ఉండరు, కానీ కుటుంబంలో కాస్త నిలబడగలిగిన ఒకరికి ఈ పని అప్పజెప్పండి. పక్కనున్న కాలం గడి చూడాలి, సందేహముంటే అక్కడే డాక్టర్‌ని అడగాలి. ఫారం ఇంకా రిజిస్ట్రార్‌కి వెళ్లకముందు అంకె కొట్టి పక్కన సరిది రాసి సంతకం, తేదీ వేయడం డాక్టర్‌కి ఒక నిమిషం పని. బండి మీద నుంచి పడి, వారం రోజులు ఆసుపత్రిలో ఉండి పోయినవాళ్ల విషయంలో మరణం రకం దగ్గర సహజం అని టిక్ పడకుండా చూసుకోవాలి, అక్కడ పోలీసు కేసు, పోస్ట్‌మార్టం కూడా ఉంటాయి. ప్రమాదంలో పోతే అదనంగా డబ్బు వచ్చే యాక్సిడెంట్ రైడర్ గొడవ దానికదే పెద్ద కథ, అడిగితే విడిగా రాస్తాను.

మీరైతే ముందు కేస్ షీట్ దరఖాస్తు ఇచ్చి, తిరస్కరణ లేఖలో ఫ్రాడ్ అన్న మాట ఉందో లేదో చూసి ఇక్కడ చెప్పండి. పాలసీ వెనక మెడికల్ రిపోర్టు దొరికితే అందులో షుగర్ అంకెలు కూడా రాయండి, పేర్లు, పాలసీ నంబర్లు వద్దు.